ఎస్‌జీడీ, మినీ బ్యాచ్, మొమెంటం, ఆడమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మామూలు గ్రేడియంట్ డిసెంట్ అంటే ఏమిటో ముందు ఒక్క ముక్కలో చెప్పండి.

మోడల్‌లో కొన్ని బరువులు ఉంటాయి, వాటిని w అందాం. మోడల్ ఎంత తప్పు చెబుతోందో కొలిచే సంఖ్య లాస్. ఒక్కో బరువును కాస్త పెంచితే లాస్ ఎంత మారుతుందో చెప్పేది గ్రేడియంట్, అంటే g. గ్రేడియంట్ చూపించే దిక్కుకు ఎదురుగా చిన్న అడుగు వేస్తాం:

`w = w − lr × g`

ఇక్కడ lr అంటే లర్నింగ్ రేట్. పద్ధతి పాతదే, ఫ్రెంచ్ గణితవేత్త కోషీ 1847లోనే ఇచ్చాడు. మామూలు పద్ధతిలో g లెక్కకట్టడానికి డేటా మొత్తం చూడాలి. చేతిరాత అంకెల ఎమ్‌నిస్ట్ డేటాలో ట్రైనింగ్‌కు 60,000 బొమ్మలున్నాయి. ఒక్క అడుగు పడాలంటే ఆ అరవై వేలూ మోడల్ గుండా వెళ్ళి రావాలి. దీన్నే ఫుల్ బ్యాచ్ అంటారు.

ఎస్‌జీడీ కంటే మొమెంటం మెరుగు, మొమెంటం కంటే ఆడమ్ మెరుగు, అంతేనా?

చాలా కోర్సుల్లో ఇలాగే ఫోన్ మోడళ్ళలా వరసబెట్టి చెబుతారు. నాకు ఆ వరస నచ్చదు, ఎందుకంటే ఇవి జవాబిచ్చే ప్రశ్నలు వేరు.

గ్రేడియంట్‌ను ఎంత డేటా మీద లెక్కించాలన్నది మొదటి ప్రశ్న. అంతా చూస్తే ఫుల్ బ్యాచ్, ఒక్క ఉదాహరణే చూస్తే అసలైన స్టోకాస్టిక్ గ్రేడియంట్ డిసెంట్, అంటే ఎస్‌జీడీ, కొన్ని చూస్తే మినీ బ్యాచ్. గ్రేడియంట్ చేతికొచ్చాక దాంతో అడుగు ఎలా వేయాలన్నది రెండో ప్రశ్న. ఉన్నదున్నట్టు వాడితే మామూలు అడుగు, పాత గ్రేడియంట్లను కలుపుకుంటే మొమెంటం, ఒక్కో బరువుకు అడుగు పొడవు విడిగా సర్దితే ఆడమ్. మొదటి గుంపులో ఒకటీ, రెండో గుంపులో ఒకటీ ఎంచుకుంటాం. ఫుల్ బ్యాచ్‌తో ఆడమ్ వాడొచ్చు, ఒక్కో ఉదాహరణతో మొమెంటమూ వాడొచ్చు. ఈ రోజుల్లో జనం ఎస్‌జీడీ అంటే దాదాపు ఎప్పుడూ మినీ బ్యాచ్ అనే అర్థం, అసలైన ఒక్కో ఉదాహరణ పద్ధతి వాడేవాళ్ళు తక్కువ.

డేటాలో కొంచెమే చూసి అడుగు వేస్తే దారి తప్పదా?

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి గిన్నెంతా నమిలి చూడం, ఒక్క మెతుకు పట్టి చూస్తాం. మెతుకులన్నీ ఒకే నీళ్ళలో ఉడికాయి కాబట్టి అది సరిపోతుంది. డేటా కూడా చాలావరకు అంతే. యాదృచ్ఛికంగా తీసిన 64 బొమ్మల సగటు గ్రేడియంట్, అరవై వేల సగటుకు సరిగ్గా సమానం కాదు. కానీ ఎటో ఒక వైపే ఒరిగిపోయే తప్పు కాదది. ఇలాంటి గుంపులు ఎన్నో తీసి సగటు కడితే అసలు గ్రేడియంటే వస్తుంది.

లాభం చూడండి. బ్యాచ్ 64 అయితే డేటా ఒక్కసారి పూర్తిగా తిరిగేలోపు, అంటే ఒక ఎపోక్‌లో, 938 అడుగులు పడతాయి (చివరి బ్యాచ్‌లో 32 బొమ్మలే ఉంటాయి). అదే లెక్కల ఖర్చుతో ఫుల్ బ్యాచ్ వేసేది ఒక్క అడుగు. ట్రైనింగ్ మొదట్లో ఎటు వెళ్ళాలో అంత కచ్చితంగా తెలియక్కర్లేదు, సుమారు దిక్కు చాలు. ఆ దశలో 938 ఉజ్జాయింపు అడుగుల ముందు ఒక కచ్చితమైన అడుగు నిలవదు.

బ్యాచ్ పెంచితే కచ్చితత్వం పెరుగుతుంది గానీ నత్తనడకన. గ్రేడియంట్‌లోని ఊగిసలాట బ్యాచ్ సైజు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. దాన్ని సగం చేయాలంటే బ్యాచ్ నాలుగింతలు కావాలి, పదో వంతు చేయాలంటే వంద రెట్లు. ఏదో ఒక చోట బ్యాచ్ పెంచడం గిట్టుబాటు కాని స్థితి వస్తుంది.

లాస్ కొంతవరకు దిగి, తర్వాత ఒకే చోట ఊగుతోంది. మోడల్ నేర్చుకోవడం ఆగిపోయినట్టేనా?

తప్పకుండా అలా అనుకోనక్కర్లేదు. చేత్తో చేసుకోగలిగినంత చిన్న లెక్క ఒకటి చూద్దాం.

మన దగ్గర నాలుగు సంఖ్యలున్నాయి: 2, 4, 6, 12. వీటన్నిటికీ దగ్గరగా ఉండే ఒకే సంఖ్య w కావాలి. ఒక్కో సంఖ్య y మీద లాస్ ½(w − y)² అనుకుంటే గ్రేడియంట్ w − y అవుతుంది. సరైన జవాబు సగటు, అంటే 6.

ఇప్పుడు w సరిగ్గా 6 దగ్గరే ఉందనుకోండి. నాలుగింటి గ్రేడియంట్లు 4, 2, 0, −6. వీటి సగటు సున్నా కాబట్టి ఫుల్ బ్యాచ్ అయితే w కదలదు. ఒక్కో సంఖ్యనే తీసే ఎస్‌జీడీకి సున్నా కనబడేది 6 చేతికొచ్చినప్పుడే. లర్నింగ్ రేట్ 0.1 అయితే, 2 వచ్చినప్పుడు w 5.6కి జారుతుంది, 12 వచ్చినప్పుడు 6.6కి ఎగురుతుంది. జవాబు మీదే నిలబడి ఉన్నా ఎవరో ఒకరు నెట్టేస్తూనే ఉంటారు.

ఎన్ని వేల అడుగులు వేసినా ఇది ఆగదు. లర్నింగ్ రేట్ 0.1 దగ్గరే ఉంచితే w, 6 చుట్టూ దాదాపు 0.86 స్టాండర్డ్ డీవియేషన్‌తో ఊగుతుంది. 0.01కి దించితే ఆ ఊపు సుమారు 0.27కి తగ్గుతుంది. ఊపు ఎంతన్నది లర్నింగ్ రేట్ చేతిలో ఉంది, ఎంతసేపు ట్రైనింగ్ నడిపామన్నది దాన్ని తగ్గించదు.

అందుకే లాస్ ఒక చోట నిలిచినట్టు కనిపిస్తే నేను ముందు చేసే పని లర్నింగ్ రేట్‌ను పదో వంతుకు దించి చూడడం. లాస్ గభాలున ఒక మెట్టు దిగితే, అక్కడిదాకా అడ్డుపడింది ఈ ఊగిసలాటే. దిగకపోతే కారణం వేరే ఉంది: మోడల్ చాలకపోవచ్చు, డేటాలో లోపం ఉండొచ్చు.

అయితే లర్నింగ్ రేట్‌ను మొదటి నుంచీ చిన్నగా పెట్టుకుంటే పోలా?

అప్పుడు జవాబు దగ్గరికి చేరడానికే ఎన్నో రెట్ల సమయం పడుతుంది. పెద్దదానితో మొదలుపెట్టి క్రమంగా తగ్గించడమే దారి. పై లెక్కలోనే లర్నింగ్ రేట్‌ను మొదటి అడుగుకు 1, రెండో అడుగుకు 1/2, మూడో అడుగుకు 1/3, అలా t వ అడుగుకు 1/t పెట్టి చూడండి. w అప్పటిదాకా వచ్చిన సంఖ్యల సగటు అవుతుంది! అది 6కి చేరకుండా ఎక్కడికి పోతుంది?

ఇలా తగ్గించడంలో ఒక హద్దుంది. మరీ తొందరగా తగ్గిస్తే దారి మధ్యలోనే అడుగులు చచ్చిపోతాయి. అన్ని అడుగుల లర్నింగ్ రేట్ల మొత్తం అనంతం కావాలి, వాటి వర్గాల మొత్తం మాత్రం పరిమితంగా ఉండాలి. ఈ షరతులతో 1951లో రాబిన్స్, మన్రో రాసిన పేపరే ఎస్‌జీడీకి పునాది. ఆచరణలో 1/t అంత కచ్చితంగా ఎవరూ పాటించరు. మెట్లుమెట్లుగా దించడమో, కొసైన్ వంపులో దించడమో చేస్తారు.

బ్యాచ్ సైజు మారిస్తే లర్నింగ్ రేట్ కూడా మార్చాలా?

ఎస్‌జీడీలో మార్చడమే మంచిది. బ్యాచ్ ఎన్ని రెట్లు పెరిగితే లర్నింగ్ రేట్ కూడా అన్ని రెట్లు పెంచడం వాడుకలో ఉన్న సూత్రం. 2017లో ఫేస్‌బుక్ పరిశోధకులు ఇమేజ్‌నెట్ అనే బొమ్మల డేటా మీద బ్యాచ్‌ను 256 నుంచి 8192కి పెంచి, లర్నింగ్ రేట్‌ను 0.1 నుంచి 3.2కి తీసుకెళ్ళి, గంటలో ట్రైనింగ్ ముగించారు. అంత పెద్ద లర్నింగ్ రేట్‌తో మొదటి అడుగు నుంచే పరిగెత్తలేదు, మొదటి 5 ఎపోక్‌లలో నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్ళారు. దాన్నే వార్మప్ అంటారు.

షఫుల్ చేయకపోతే ఏమవుతుంది?

మెతుకు ఉపమానం ఇక్కడే తేలిపోతుంది. డేటా ఫైల్లో ముందు సున్నాలన్నీ, తర్వాత ఒకట్లన్నీ వరసగా ఉంటే, ఒక్కో బ్యాచ్‌లో ఒకే అంకె ఉంటుంది. మోడల్ కాసేపు అన్నిటినీ సున్నా అంటుంది, ఆ తర్వాత అన్నిటినీ ఒకటి అంటుంది. గుర్తుపట్టడం తేలికే: బ్యాచ్ లాస్ చాలా తక్కువకు దిగి, వేరే అంకె మొదలవగానే ఒక్కసారిగా ఎగురుతుంది. ప్రతి ఎపోక్‌లో అదే చోట అదే ఎగురుడు కనిపిస్తే షఫుల్ సంగతి చూడండి.

మొమెంటం ఏ సమస్యను తీరుస్తుంది?

ఇప్పుడు రెండో ప్రశ్నకు వచ్చాం. బ్యాచ్‌ల వల్ల గ్రేడియంట్‌లో వచ్చే ఊగిసలాట, అంటే నాయిస్, అస్సలు లేదనుకుందాం, గ్రేడియంట్ కచ్చితంగా తెలుసు. అయినా మామూలు గ్రేడియంట్ డిసెంట్ ఇబ్బంది పడే చోటు ఒకటుంది: ఒక వైపు నిటారుగా, ఇంకో వైపు దాదాపు చదునుగా ఉండే లోయ.

లాస్ ½(a² + 100b²) అనుకుందాం. రెండు బరువులూ 1 దగ్గర మొదలై సున్నాకు చేరాలి. గ్రేడియంట్లు a, 100b. b వైపు లోయ నిటారుగా ఉంది కాబట్టి లర్నింగ్ రేట్ 0.02 దాటితే b ప్రతి అడుగుకూ ఇంకా దూరం ఎగిరిపోతుంది. సరే, 0.018 పెడదాం. ప్రతి అడుగులో b ని −0.8తో గుణించినట్టవుతుంది. అటూ ఇటూ దూకుతుంది, కానీ త్వరగానే తగ్గుతుంది. a ని మాత్రం 0.982తో గుణిస్తాం, అంటే అడుగుకు రెండు శాతం కూడా తగ్గదు. a వందో వంతుకు చేరేసరికి 254 అడుగులు. నిటారు వైపు భయానికి చదును వైపు బలైపోయిందన్నమాట.

మొమెంటం ఒక చిన్న మార్పు చేస్తుంది. గ్రేడియంట్‌ను నేరుగా వాడకుండా వేగం v లో పోగుచేస్తుంది:

`v = 0.9 × v + g`
`w = w − lr × v`

b వైపు గ్రేడియంట్ గుర్తు మాటిమాటికీ మారుతుంది కాబట్టి v లో అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. a వైపు గ్రేడియంట్ వరసగా ఒకే గుర్తుతో వస్తుంది, అవి కూడుకుంటాయి. లర్నింగ్ రేట్ అదే 0.018 ఉంచి మొమెంటం 0.9 చేరిస్తే, రెండు వైపులా ఊపు ప్రతి అడుగుకూ దాదాపు 0.949 వంతు అవుతుంది. సుమారు 90 అడుగుల్లో a, b రెండూ వందో వంతుకు వచ్చేస్తాయి. గమనించండి, b వైపు నిజానికి కాస్త నెమ్మదించింది. మామూలు పద్ధతిలో b కి 21 అడుగులే సరిపోయేవి. మొమెంటం నిటారు వైపు కొంత వదులుకుని చదును వైపు ఎక్కువ సంపాదించింది. ఈ పద్ధతిని 1964లో రష్యన్ గణితవేత్త బోరిస్ పోల్యాక్ ఇచ్చాడు.

మొమెంటం పెట్టాక లాస్ తగ్గి మళ్ళీ పెరుగుతోంది. ఎక్కడ తప్పు చేశాను?

తప్పేమీ లేకపోవచ్చు. పై లెక్కలోనే a, దాదాపు 15వ అడుగు దగ్గర సున్నాకు చేరుతుంది. కానీ పోగైన వేగం వల్ల అక్కడ ఆగదు, అటువైపు −0.27 దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. ఆ మధ్యలో లాస్ పెరగడం సహజం. మామూలు గ్రేడియంట్ డిసెంట్‌లో, లర్నింగ్ రేట్ హద్దులో ఉంటే, ఈ లెక్కలో లాస్ ఏ అడుగులోనూ పెరగదు. మొమెంటంలో ఆ హామీ లేదు.

నిజంగా చూసుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. ఒకే గ్రేడియంట్ వరసగా వస్తే v పెరిగి పెరిగి g కి పది రెట్ల దగ్గర ఆగుతుంది, ఎందుకంటే 1/(1 − 0.9) = 10. అంటే మినీ బ్యాచ్‌లతో బాగా నడుస్తున్న లర్నింగ్ రేట్‌కు మొమెంటం 0.9 జతచేస్తే దీర్ఘకాలంలో లర్నింగ్ రేట్ పదింతలు చేసినట్టే, నాయిస్ వల్ల వచ్చే ఊపు కూడా దాంతోపాటే పెరుగుతుంది. మొమెంటం కలిపాక ట్రైనింగ్ అదుపు తప్పితే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇంకో చిక్కు: కొన్ని పుస్తకాల్లో `v = 0.9v + 0.1g` అని రాస్తారు. అక్కడ ఈ పది రెట్లు రావు. పైటార్చ్‌లోని `SGD` మాత్రం మొదటి రూపాన్నే వాడుతుంది. ఒక చోటి లర్నింగ్ రేట్‌ను ఇంకో చోటికి కాపీ కొట్టేముందు సూత్రం ఏ రూపంలో ఉందో చూసుకోవాలి.

ఆడమ్ లోపల ఏం జరుగుతుంది?

ఆడమ్‌ను డిడెరిక్ కింగ్మా, జిమ్మీ బా 2014 చివర్లో ప్రకటించారు. ఇది ఒక్కో బరువుకు రెండు సంఖ్యలు గుర్తుపెట్టుకుంటుంది. m అంటే గ్రేడియంట్ల నడిచే సగటు, మొమెంటం లాంటిదే: పాత m లో 0.9 వంతుకు కొత్త గ్రేడియంట్‌లో 0.1 వంతు కలుపుతాం. v అంటే గ్రేడియంట్ల వర్గాల నడిచే సగటు, అంటే ఈ బరువుకు సాధారణంగా ఎంత పెద్ద గ్రేడియంట్లు వస్తాయో చెప్పే కొలత (మొమెంటంలోని v తో దీన్ని కలపకండి, అక్షరం ఒకటే, అంతే). అడుగు:

`w = w − lr × m̂ / (√v̂ + ε)`

మామూలు విలువలు: lr 0.001, m కి 0.9, v కి 0.999, సున్నాతో భాగించకుండా కాపాడే ε 1e-8.

పై లోయలో మొదటి గ్రేడియంట్లు 1, 100. భాగహారం అయ్యాక రెండూ 1 అవుతాయి. a, b రెండూ ఒకే పొడవు అడుగు వేస్తాయి. వంద రెట్ల తేడా మొదటి అడుగులోనే మాయం.

రెండో అడుగు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒక బరువుకు మొదటి గ్రేడియంట్ 4, రెండోదీ 4 అనుకోండి. అడుగు పొడవు పూర్తి lr. అదే రెండోది −4 అయితే? m = 0.9 × 0.4 − 0.1 × 4 = −0.04. తర్వాతి ప్రశ్నలో చెప్పే దిద్దుబాటు చేస్తే దాదాపు −0.21. √v̂ మాత్రం 4 దగ్గరే ఉంటుంది, గుర్తు దానికి పట్టదు. అడుగు 0.21/4, అంటే lr లో 5 శాతం మాత్రమే. గ్రేడియంట్లు ఏకమాట మీద ఉంటే ఆడమ్ నిండా అడుగు వేస్తుంది, తగువులాడుకుంటుంటే దాదాపు ఆగిపోతుంది.

ఆ టోపీ గుర్తులు, దిద్దుబాటు ఎందుకు?

m, v రెండూ సున్నా నుంచి మొదలవుతాయి. మొదటి అడుగు తర్వాత m = 0.1g, v = 0.001g². వీటినే నేరుగా భాగిస్తే 0.1/√0.001, అంటే సుమారు 3.16 వస్తుంది. మోడల్ ఇంకా ఏమీ నేర్చుకోకముందే అడుగు మూడు రెట్లు పెద్దదైపోతుంది. అందుకని m ను 1 − 0.9ᵗ తో, v ను 1 − 0.999ᵗ తో భాగిస్తారు. మొదటి అడుగులో అది సరిగ్గా 1కి దిగుతుంది.

ఈ 3.16 తర్వాత కూడా ఒక చోట తొంగిచూస్తుంది. అరుదైన పదానికి సంబంధించిన బరువుకు వేల బ్యాచ్‌లపాటు గ్రేడియంట్ సున్నాయే. తెలుగు టెక్స్ట్ మీద ట్రైనింగ్‌లో 'ఌ' లాంటి అక్షరం అలాంటిదే. ఈలోగా m, v సున్నాకు చేరుకుంటాయి, దిద్దుబాటు ప్రభావమూ అయిపోయి ఉంటుంది. ఒకరోజు ఆ అక్షరం కనబడగానే lr కి 3.16 రెట్ల అడుగు పడుతుంది. అరుదైనవాటికి పెద్ద అడుగు దొరకడం ఆడమ్ బలమే, లాస్ అప్పుడప్పుడూ ఉలిక్కిపడడానికి ఒక కారణమూ అదే.

ఎస్‌జీడీకి 0.1 పెట్టేవాళ్ళం, ఆడమ్‌కు 0.001 ఎందుకు?

ఎస్‌జీడీలో లర్నింగ్ రేట్‌ను గ్రేడియంట్‌తో గుణిస్తాం, కాబట్టి గ్రేడియంట్ చిన్నదైతే అడుగూ చిన్నదే. ఆడమ్‌లో గ్రేడియంట్ పరిమాణం భాగహారంలో పోయింది. 0.001 అంటే బరువు ఒక్క అడుగులో సుమారు 0.001 దాకా కదులుతుందని. నెట్‌వర్క్ బరువులు 0.05 అంతటివి ఉంటే 0.1 అడుగు వాటిని తుడిచిపెట్టేస్తుంది. లాస్‌ను మొత్తంగా 1000తో గుణించి చూడండి: ఎస్‌జీడీ పేలిపోతుంది, ఆడమ్ దాదాపు ఏమీ జరగనట్టే సాగిపోతుంది.

ఇంత బాగుంటే ఎప్పుడూ ఆడమ్ వాడితే సరిపోదా?

ట్రాన్స్‌ఫార్మర్లకు నేను కూడా మరో ఆలోచన లేకుండా దాని వైపే వెళ్తాను. కానీ హద్దులు తెలిసి ఉండాలి.

ఆడమ్ ఒక్కో బరువును విడిగా సర్దుతుంది. మన లోయ a, b అక్షాల వెంబడి ఉంది కాబట్టి మాయ పనిచేసింది. అదే లోయను 45 డిగ్రీలు తిప్పితే ప్రతి బరువుకూ నిటారు వైపూ చదును వైపూ సగంసగం కలిసి వస్తాయి. రెండింటి v ఒకేలా ఉంటుంది, భాగహారం వల్ల ఒరిగేదేమీ ఉండదు. అక్కడ ఆదుకునేది లోపలున్న మొమెంటం భాగమే.

సిద్ధాంతంలోనూ చిల్లు ఉంది. లాస్ సాదా కుంభాకారంగా ఉన్నా ఆడమ్ తప్పు చోటికి చేరే ఉదాహరణను 2018లో రెడ్డి, కాలే, కుమార్ చూపించారు. మెమరీ సంగతి సరేసరి: వంద కోట్ల బరువులకు 4 బైట్ల చొప్పున మొమెంటంకు అదనంగా 4 జీబీ కావాలి, ఆడమ్‌కు 8 జీబీ. బొమ్మలను వర్గీకరించే కన్వల్యూషన్ నెట్‌వర్క్‌లలో మాత్రం జాగ్రత్తగా ట్యూన్ చేసిన ఎస్‌జీడీ, మొమెంటం జంట టెస్ట్ డేటా మీద చాలాసార్లు ఆడమ్‌తో సమానంగానో, కాస్త మెరుగ్గానో వస్తుంది. ఆ 'జాగ్రత్తగా ట్యూన్' అన్న మాటలోనే సమయమంతా పోతుందనుకోండి.

ఆడమ్, ఆడమ్‌డబ్ల్యూ తేడా ఏమిటి?

బరువులు మరీ పెరగకుండా లాస్‌కు వాటి వర్గాలు కలపడం పాత అలవాటు. ఆడమ్‌లో అలా చేస్తే ఆ భాగం కూడా √v̂ తో భాగించబడుతుంది, దాంతో పెద్ద గ్రేడియంట్లు వచ్చే బరువులకు కళ్ళెం వదులవుతుంది. లోష్చిలోవ్, హట్టర్ ప్రతిపాదించిన ఆడమ్‌డబ్ల్యూ బరువుల తగ్గింపును భాగహారం బయట నేరుగా చేస్తుంది. ఈ తగ్గింపునే వెయిట్ డికే అంటారు, అది వాడుతుంటే `AdamW` తీసుకోండి.

కోడ్‌లో ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం ఎలా?

పైటార్చ్‌లో ఒక్క వరస మారుస్తే చాలు:

```python
opt = torch.optim.SGD(model.parameters(), lr=0.1, momentum=0.9)
# opt = torch.optim.AdamW(model.parameters(), lr=0.001)

for xb, yb in loader:
    opt.zero_grad()
    loss = loss_fn(model(xb), yb)
    loss.backward()
    opt.step()
```

`zero_grad()` మర్చిపోతే కోడ్ ఎర్రర్ ఇవ్వదు, అదే ప్రమాదం. పాత గ్రేడియంట్లు ఏమాత్రం తగ్గకుండా పోగవుతూ పోతాయి, అంటే ఉన్న మొమెంటం పైన ఇంకో మొమెంటం, అదీ 0.9 కాదు 1, పెట్టినట్టు. ఎస్‌జీడీలో లాస్ పెద్దపెద్ద ఊపులతో పైకి పోతుంది కాబట్టి త్వరగానే బయటపడుతుంది. ఆడమ్‌లో మాత్రం భాగహారం ఆ పెరుగుదలను చాలావరకు దాచేస్తుంది, ట్రైనింగ్ ఏదో నడుస్తున్నట్టే కనిపిస్తుంది. అనుమానమొస్తే ప్రతి అడుగుకూ గ్రేడియంట్ల మొత్తం పొడవును ప్రింట్ చేయండి. లాస్ దాదాపు నిలకడగా ఉన్నా ఆ సంఖ్య అదేపనిగా పెరుగుతుంటే ముందు ఆ వరస ఉందో లేదో చూడాలి.